టైలరమ్మ కుట్టిన సంచి

మా వీధి ఆరోగ్య కార్యకర్తను మేమంతా ఆరోగ్యక్క అంటాం. గొంతు పెద్దది, మొహమాటం చిన్నది. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం గురించి పోయిన నెల మా మహిళా సంఘంలో పోస్టరు చూపిస్తే, అందరం తలలు దించుకుని చాప పుల్లలు పీకాం. ఆవిడకు ఒళ్లు మండింది. ఈసారి చేతికిచ్చి చూపిస్తానని టైలరమ్మ దగ్గరకు పోయి, పైన మూసి, కింద సన్నటి మూతి ఉండేలా మందపాటి గుడ్డ సంచి కుట్టించింది. ఎందుకో చెప్పలేదు.

నిజానికి ఆ మాటలు అందరికంటే టైలరమ్మ కోడలికే అవసరం. తొలి కాన్పుకే పిల్ల బాగా నీరసించింది. బిడ్డకు ఎనిమిదో నెల. కాపర్‌టీ వేయించుకుంటానని మొగుణ్ణి ఒప్పించుకుంది గానీ, అత్తగారి ముందు నోరు పెగల్లేదు. "నువ్వే ఎలాగోలా చెప్పక్కా" అని నా ఎదుటే ఆరోగ్యక్కను బతిమాలుకుంది.

సంఘం గదిలో మీటింగు మొదలైంది.

"బిడ్డ పుట్టాక మళ్లీ నెల తప్పడానికి కనీసం రెండేళ్లు ఆగండి. తల్లి ఒళ్లు తేరుకోవాలి, చంటిది గట్టిపడాలి" అంది ఆరోగ్యక్క.

"పాలిస్తున్నన్నాళ్లు కడుపు రాదులేవే, మాకు తెలీదా!" అంది టైలరమ్మ.

"మరి నీ మూడోవాడు పుట్టేసరికి రెండోవాడు పాలు మానేశాడా పెద్దమ్మా?"

"ఎక్కడ! ఇద్దరూ చెరో పక్కా" అని తనే నవ్వేసింది.

"ఆరు నెలల లోపు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఇంకేం పెట్టకుండా, నెలసరి మొదలవకుండా ఉంటేనే ఆ ధీమా. నీ మనవడు అన్నం తింటున్నాడుగా?"

"తింటే తిన్నాడు. ఆ కాపర్‌టీ గుండెకెక్కుతుందట. నా కోడలికి వద్దే వద్దు."

వెనక కూర్చున్న కోడలి మొహం వాడిపోయింది. ఆరోగ్యక్క సంచి తీసి, చూపించడానికి తెచ్చిన కాపర్‌టీని మూతిలోంచి లోపల పెట్టి, టైలరమ్మ ఒళ్లో వేసింది.

"ఇది గర్భసంచి అనుకో. దాన్ని గుండెకెక్కించు, చూద్దాం."

టైలరమ్మ నొక్కింది, పిండింది, బొటనవేలితో పైకి తోసింది.

"ఎట్లా పోతుంది? నా కుట్టు ఊడదు!" అని అరిచి నాలుక్కరుచుకుంది. గది గదంతా గొల్లున నవ్వింది.

ఆరోగ్యక్క మాత్రం నవ్వలేదు. "గుడ్డ సంగతి సరే, అసలు గర్భసంచికీ గుండెకూ మధ్య దారి లేదు. కాపర్‌టీ ఒక్కోసారి కిందికి జారిపోవచ్చు, ఎక్కడో ఒకరికి గర్భసంచి గోడలో గుచ్చుకోనూ వచ్చు. అందుకే నర్సు పరీక్ష చేసి పెడుతుంది, మళ్లీ చూపించుకోమంటుంది. మొదట్లో నెలసరి ఎక్కువ కావచ్చు. బిడ్డ కావాలనుకున్నప్పుడు తీయించేస్తే సరి, మళ్లీ కడుపు పండుతుంది."

టైలరమ్మ సంచిని చేత్తో నిమురుతూ కూర్చుంది. "వరసగా ఐదు కాన్పులే నాకు. నడుం నిలబడేలోపే ఇంకోటి. ఈ ముక్క అప్పుడు చెప్పినవాళ్లే లేరు" అంది.

ఆ వారమే అత్తాకోడళ్లతో ఆసుపత్రికి నేనూ తోడు వెళ్లాను. నర్సు మమ్మల్ని బయట కూర్చోబెట్టి, కోడల్ని లోపలికి పిలిచి తలుపు వేసింది. ఎవరి బలవంతమైనా ఉందా అని అడిగినట్టుంది.

"లేదండీ. నా ఇష్టమే!"

వరండా అంతా వినిపించింది. మనవణ్ణి చంకనేసుకున్న టైలరమ్మ నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేసింది.

"విన్నావటే? ఇంత గొంతు ఉందా దీనికి! ఇంటికెళ్లాక అడుగుతాను, ఇంకా ఏమేం మనసులో దాచుకుందో."