సగం గ్లాసు ఇసబ్‌గోల్

ఏడో నెల వచ్చాక గౌరీశ్వరికి ఆటోనగర్ షెడ్డులో రోజంతా రబ్బరు వాషర్లు కొయ్యడం కంటే, పొద్దున్నే బాత్రూములో కూర్చోవడం కష్టమైపోయింది. కూర్చోవడమే గాని పని కాదు. బయటికొస్తే అత్త కాంతం గుమ్మంలో నిలబడి, అయిందా అన్నట్టు కళ్ళెగరేసేది. గౌరీశ్వరి పొట్ట సంగతి మేడ మీది వాళ్ళకి కూడా తెలిసిపోయింది. ఛాతీలో మంటంటే వాళ్ళు వంటసోడా నీళ్ళు తాగమన్నారు. పోర్టులో లారీ తోలే మొగుడు సింహాద్రి, పని మానెయ్యమన్నాడు. అత్త మాత్రం ఆముదం సీసా చేతిలో పట్టుకునే తిరిగింది.

"ఓ సెంచాడు తాగీ. నాను ముగ్గుర్ని కన్నాను, నాకేటైంది?"

"నొప్పులొచ్చేస్తాయని డాక్టరమ్మ వద్దంది అత్తా. సోడా కూడా వద్దంది."

"ఆవిడ మందు మింగే కదా ఇలగయ్యావు."

గౌరీశ్వరి ఆరోగ్య కేంద్రంలో డాక్టరు శ్రీసత్య చెప్పినవన్నీ చేసింది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటోంది. రాత్రి పూట కారం, వేపుళ్ళు మానేసింది. తిన్న వెంటనే నడుం వాల్చడం లేదు, తలవైపు ఎత్తు పెట్టుకుంటోంది. ఐరన్ మాత్ర వల్ల విరేచనం గట్టిపడినా మానలేదు. మంటకిచ్చిన సిరప్పు ఆ మాత్రతో కలిపి వేస్తే ఐరన్ ఒంటికి పట్టదంటే, రెంటికీ రెండు గంటల ఎడం పాటించింది. మంట తగ్గింది. మలబద్ధకం మాత్రం, డాక్టరు రాసిన ఇసబ్‌గోల్ పొట్టు మొదలుపెట్టాక ఇంకా ముదిరింది. పని మానాల్సి వస్తుందేమోనన్న భయంతో, సెలవు పెట్టుకుని మళ్ళీ వెళ్ళింది.

డాక్టరు బీపీ చూసింది, పొట్ట తడిమింది. తలనొప్పి విపరీతంగా ఉందా, కళ్ళు మసకబారుతున్నాయా, కుడి పక్కటెముకల కింద నొప్పుందా, రక్తం పడిందా, వాంతులవుతున్నాయా, గాలైనా పోతోందా, బిడ్డ కదులుతోందా అని ఒక్కొక్కటే అడిగింది. బిడ్డ కదులుతోంది, గాలి పోతోంది, మిగతావేవీ లేవు.

"ఇసబ్‌గోల్ ఎలా తాగుతున్నావమ్మా?"

"పొద్దున్న పనికెళ్ళే ముందు, సగం గ్లాసు నీళ్ళతోటి."

"తర్వాత?"

"సాయంత్రం దాకా ఏటీ తాగనండి."

డాక్టరు కలం కింద పెట్టింది. ఆ పొట్టు నీళ్ళు పీల్చుకుని ఉబ్బితేనే పని చేస్తుందని, నీళ్ళు చాలకపోతే లోపలే ముద్దై అడ్డం పడుతుందని చెప్పింది. నీళ్ళెందుకు తాగవని అడిగింది.

చెప్పడానికి గౌరీశ్వరికి సిగ్గేసింది. షెడ్డులో ఆడవాళ్ళు ముగ్గురు. మరుగుదొడ్డి ఒక్కటే, లేత్ మిషన్ల వెనక. తలుపుకి గడియ లేదు, మగవాళ్ళంతా అందులోకే వెళ్తారు. పనిలో చేరిన రోజే పక్క మిషను మీద పనిచేసే భ్రమరాంబ చెవిలో చెప్పింది, లోపలికొచ్చాక నీళ్ళ జోలికి పోకని. హాజరు కార్డు పంచ్ చెయ్యడం ఎలా నేర్చుకుందో, ఇదీ అలాగే నేర్చుకుంది.

శ్రీసత్య ఇసబ్‌గోల్ ఆపి, విరేచనాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్పు రాసింది. ఆకుకూరలు, జామకాయ, రాగులు తినమంది, రోజూ కాస్త నడవమంది. నీళ్ళు లేకపోతే ఇదీ అంతంతమాత్రమేనంది. ఇందాక లేవన్న వాటిలో ఏ ఒక్కటి కనిపించినా, గాలి పోవడం ఆగినా, ముఖం, చేతులు వాచినా, కదలికలు తగ్గినా, మంటేలే అనుకుని ఇంట్లో కూర్చోవద్దని, వెంటనే రమ్మని గట్టిగా చెప్పింది.

ఆటోలో తిరిగొస్తుంటే గౌరీశ్వరికి ఒళ్ళు మండిపోయింది. ఆముదం పోసేవాళ్ళున్నారు, సోడా కలిపేవాళ్ళున్నారు, తలుపుకి గడియ పెట్టేవాడు ఒక్కడూ లేడు.

మర్నాడు సూపర్‌వైజర్ గురునాథరావు బల్ల ముందు నిలబడి, ఆఫీసు బాత్రూము తాళం అడిగింది. ఓనరు గారు ఊళ్ళో లేరని, వచ్చాక చూద్దామని అన్నాడతను.

"అయినా ఇప్పుడింకా పనేటమ్మా? ఇంటి దగ్గర కూకోరాదా?"

"నెలాఖరు దాకా వత్తాను సార్. నీళ్ళు తాగాల్సుంది."

"తాగు. ఎవరొద్దన్నారు?"

గౌరీశ్వరి వెంట తెచ్చుకున్న నీళ్ళ సీసా మూత తీసి అక్కడే తాగడం మొదలుపెట్టింది. మధ్యలో ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తాగింది. గురునాథరావు ఫోను చూస్తున్నట్టు తల వంచాడు. ఖాళీ సీసా బల్ల మీద పెట్టి ఆమె మిషను దగ్గరికి పోయింది. గంట గడవకుండానే వచ్చి చెయ్యి చాపి నిలబడింది. లేత్ దగ్గర కుర్రాళ్ళు ఇటే చూస్తున్నారు. చాపిన చెయ్యి దించలేదు. చివరికి అతను సొరుగు లాగి తాళం బల్ల మీదికి తోశాడు.

"ఇయాళ్టికే."

ఆ రోజు కూడా కడుపు తేలికపడలేదు. తాళం తిరిగి ఇస్తూ, "రేపు మళ్ళీ వత్తాను సార్" అంది. మిషను దగ్గర భ్రమరాంబ తన నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని చూస్తోంది. తాగలేదు గాని, మూత తీసి ఉంది.