మూడు రాళ్ళు తీసిన సందు

కర్నూలు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళలో నాకంటే పొగరుబోతు ఇంకొకడు ఉండడని నా నమ్మకం. ఆ పొగరంతా గణితానుగమనం అనే పాఠం మీద నిలబడి ఉండేది. మొదటి సంవత్సరం బీఎస్సీ పిల్లలకు ఏటా అదే చెప్తాను. n విలువ 1కి చూడండి, k కి నిజమనుకోండి, k+1 కి నిరూపించండి. మూడు మెట్లు, ఐదు మార్కులు. ఇంటర్ హాస్టళ్ళలో రెండేళ్ళు బట్టీ కొట్టి వచ్చిన పిల్లలు నేను నోరు తెరవకముందే మూడు మెట్లూ అప్పజెప్పేవాళ్ళు. నేనూ తల ఊపేవాణ్ణి. ఇద్దరికీ హాయి.

ఆ ఏడు ఇంటర్నల్ పరీక్షలో ఆ హాయికి అడ్డం వచ్చింది ఒక అమ్మాయి. బేతంచెర్ల నుంచి రోజూ రైల్లో వచ్చేది. వాళ్ళ నాన్న అక్కడ బండల పాలిష్ పనికి పోతాడు. మొదటి n బేసి సంఖ్యల మొత్తం n వర్గమని నిరూపించమంటే, n విలువ 1కి చూసి, కింద ఇలా రాసింది: 'k కి నిజమని అనుకుంటే, నిరూపించాల్సిన దాన్నే ఒప్పుకున్నట్టు కదా సార్? ఇంక నిరూపించేది ఏముంది?' తర్వాత పేజీ అంతా ఖాళీ.

ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన 'గైడు చదువు' అని రాశాను. ఆ రెండు ముక్కలు రాసినందుకు నా చెయ్యి ఇప్పటికీ నాకు నచ్చదు.

సోమవారం పొద్దున ఆ అమ్మాయి స్టాఫ్ రూముకొచ్చింది. చేతిలో గ్రూపు మార్చుకునే ఫారం. గణితం వదిలేసి కంప్యూటర్లకు పోతుందట. క్లాసు బాధ్యత నాది కాబట్టి నా సంతకం కావాలి. సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో గడువు అయిపోతుంది.

"నాకు లెక్కలంటే శానా ఇష్టం సార్. కానీ ఒకటి అడిగితే సున్నా ఏసినారు. ఇంక యాడ అడగల్ల?" అంది.

పక్క కుర్చీలోని మా డిపార్ట్‌మెంట్ పెద్దాయన నవ్వాడు. "గైడులో ఉండేది చూసి రాసేకి చేతగాకుంటే లెక్కలెందుకప్పా? పోనీ." నేనూ నవ్వాను. తలెత్తకుండానే సంతకం గీకి ఫారం టేబుల్ మీద జరిపాను. పీడా పోయిందనుకున్నాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. రెండో గంట నాకు ఆ అమ్మాయి క్లాసే. ఈ అమ్మాయి పోయేముందు తన తెలివెంతో అందరి ముందు చూపించి పంపాలని నాకు దురద పుట్టింది. వరండాలో కొత్తగా బండలు పరుస్తున్నారు. కోసేసిన ముక్కలు గోడ పక్కన కుప్పగా ఉన్నాయి. బొటనవేలంత మందం, జానెడు పొడవు. క్లాసునంతా బయటికి రమ్మని, నలభై ముక్కల్ని నిలువుగా వరసలో పెట్టించాను. ఒక్కోదానికీ నాలుగు వేళ్ళ ఎడం. పుస్తకాల్లో డొమినోలని రాసేది వీటినే అని గంభీరంగా చెప్పి, మొదటి రాయిని చూపుడువేలితో తోశాను.

టకటకమని నలభై పడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఆ అమ్మాయి వైపు తిరిగాను.

"చూసినావా? ఇదే అనుగమనం. రుజువైంది."

"నలభై పడినాయి సార్. నలభై ఒకటోది పడతాదని ఎట్ల తెలుస్తాది?"

నాలుగు విలువలకు సరిపోయిందని అన్నిటికీ సరిపోతుందనే వాళ్ళను నేనే ఏటా ఎగతాళి చేస్తాను. ఇప్పుడు నలభై రాళ్ళు పడేసి, అంతులేని వరస పడిందని చెప్పుకుంటున్నది నేను. "ఇట్లే పడతాది" అన్నాను. ఎంత చచ్చు జవాబో అన్నప్పుడే తెలిసింది.

ఆ అమ్మాయి వంగి రాళ్ళను మళ్ళీ నిలబెట్టింది. నలుగురు స్నేహితులు సాయం చేశారు. నడిమధ్యలోంచి మూడు రాళ్ళు తీసి పక్కన పెట్టింది. "ఇప్పుడు తోయండి సార్."

తోశాను. టకటకమంటూ వచ్చి, సందు దగ్గర ఆగిపోయాయి. ఆవతలివి కదల్లేదు.

"మా నాయన పని చేసే కాడ బండల్ని నిలువుగా ఆనించి పెడతారు సార్. ఒగటి పడితే అన్నీ పగుల్తాయని, కొన్నిటికి ఒగసారి మనిషి పట్టేంత సందు ఇడుస్తారు. రెండడుగుల బండకు మూడడుగుల సందు. పడిన బండ ఆవతలిదాన్ని అందుకోలేదు. అందుకే మేం బండలు పడేదాకా సూస్తా ఉండం. సందులు సూసుకుంటాం."

తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది. "అంటే k కి నిజమని అనుకునేది, అది పడిందని ఒప్పుకునేకి కాదు. ఏ రాయినైనా పట్టుకొని, ఇది పడితే పక్కది అందుతాదా అని కొలిచేకి. నా డౌటు అదే సార్. ఎవురూ ఆ మాట చెప్పలేదు."

ఎవరూ అంటే నేనే. వరండా గోడ మీదే సుద్దముక్కతో రాశాను. మొదటి k బేసి సంఖ్యల మొత్తం k² అనుకుంటే, పక్కనుండే బేసి సంఖ్య 2k+1. రెండూ కలిపితే k²+2k+1, అంటే (k+1)². k ఏదైనా సరే, సందు ఎక్కడా పెద్దది కాదు. మొదటిది 1, అది 1² కి సమానం, అంటే మొదటి రాయి పడింది. ఈ రెండూ చాలు, ఒక్క రాయి పడటం కూడా కళ్ళతో చూడక్కరలేదు. వందసార్లు రాసిన లెక్కే. అందులో కొలత ఎక్కడుందో ఆ రోజే చూశాను.

బెల్లు కొట్టారు. ఇక్కడ నేను చేయాల్సింది ఒక్కటే. 'ఆ ఫారం ఇయ్యమ్మా, చించేద్దాం' అనాలి. నోటిదాకా వచ్చింది. పిల్లలందరూ చూస్తున్నారు. సున్నా వేసిన సారే ఇప్పుడు బతిమాలాడని అనుకుంటారేమోనని మింగేశాను. ఇంత అర్థమైన పిల్ల తనే మానుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. "సరే, రాళ్ళు తీసి పక్కన పెట్టండి" అని మాత్రం అన్నాను. ఆ అమ్మాయి ఒక క్షణం నిలబడి నా వైపు చూసింది. ఏదైనా అంటానేమోనని చూసిందని నాకు తెలుసు.

మరుసటి రోజు ఆమె కూర్చునే చోటు ఖాళీ. ఆఫీసుకు పరుగెత్తాను. "నిన్న మూడున్నరకే ఇచ్చిపోయిందప్పా, మీ సంతకం ఉండాది గదా" అన్నాడు గుమాస్తా. గడువు అయిపోయింది, ఇంకేం చేయలేమన్నాడు.

స్టాఫ్ రూముకొచ్చి ఆ జవాబు కాగితం బయటికి తీశాను. సున్నా కొట్టేసి ఐదు వేశాను. 'గైడు చదువు' అన్నది గీసేశాను. మార్కులు ఎక్కిద్దామని క్లాసు రిజిస్టరు తెరిచాను. ఆమె పేరు మీద అప్పటికే ఎర్ర గీత ఉంది.

ఇప్పుడు ఏటా ఆ పాఠం మూడు రాళ్ళు తీసిన సందుతోనే మొదలుపెడతాను. సారు భలే చెప్తారని పిల్లలు అంటారు. నేను తల ఊపుతాను.