మాడిన మందాజీలు, తిరగ్గొట్టిన బొమ్మలు

నైరోబీలో మా పైవాటా న్యబోకె ఓ కంపెనీ కోసం ఫోన్లో బొమ్మలకు గుర్తులు పెడుతుంది, కంప్యూటర్లు వాటిని చూసి నేర్చుకోవడానికి. బొమ్మకు ఐదు షిల్లింగులు. గంటకు నలభై చేస్తుంది కాబట్టి తన సంపాదన గంటకు రెండువందలని వాడంతా చాటింది. కింద మందాజీ బూరెలమ్మే కెరుబో ఒక్కటే అడిగింది: "అన్నీ తీసుకుంటున్నారా అమ్మాయ్?"

ఆ వారం న్యబోకె కంపెనీ ఒప్పుకున్నవీ తిరగ్గొట్టినవీ విడివిడిగా రాసింది. నలభైకి నిలిచినవి పదహారే, అంటే ఎనభై షిల్లింగులు. ప్రతి గంట పనికీ, పని కోసం తెర చూస్తూ కూర్చున్న ఇంకో గంట కలిపితే, గంటకు నలభై షిల్లింగులు తేలాయి.

"నా మందాజీలూ మాడతాయిలే," అని కెరుబో ఓదార్చింది. "మాడినవి మేం తింటాం. మరి నీవో?"

"నావి కంపెనీవాళ్ళే ఉంచుకుని తింటారు పిన్నీ. బాగాలేవని డబ్బులివ్వరంతే."