పొట్ట దిగిన పొద్దు

పంతొమ్మిదివందల అరవైలలో వరంగల్ పెద్ద దవాఖానలో, పిల్లల వార్డులో నర్సుగా పనిచేశాను. మంచాలు తక్కువ, పిల్లలు ఎక్కువ. డ్యూటీ దిగేసరికి కాళ్లు నావి కాకుండా పోయేవి. కసురుకోవడం నాకు అప్పుడే అలవాటైంది.

నెక్కొండ వైపు నుంచి ఒక బాలింత రైల్లో వచ్చింది. వెంట అత్త. ఒళ్లో మగబిడ్డ. పుట్టి మూడోరోజు, మొదటిరోజే పోవాల్సిన నల్లదొడ్డి ఇంకా పోలేదు. పొట్ట బిగిసి మెరుస్తోంది, పాలు తాగితే పచ్చగా కక్కుతున్నాడు. మా సర్జన్ సారు చూశారు, మలద్వారం సరిగానే ఉంది. ముక్కులోంచి గొట్టం వేయించి, సెలైన్ పెట్టించి, నన్ను పక్కకు పిలిచారు.

"పెద్దపేగు చివర నరాల కణాలు లేకుండా పుట్టాడేమో అనిపిస్తోంది. అవి లేనిచోట పేగు కదలదు, పైనదంతా ఉబ్బుతుంది. రేపు కిందినుంచి తెల్లమందు ఎక్కించి ఎక్స్‌రే తీద్దాం. సన్నటి భాగం ఎక్కడ ఆగి వెడల్పు ఎక్కడ మొదలైందో దాంట్లో కనబడాలి. అప్పటిదాకా ఎనిమా వద్దు, వేలు కూడా పెట్టొద్దు."

అత్తకు నాలుగుసార్లు చెప్పాను. తల ఊపింది. పొద్దున వార్డుకు వచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది, మంచం కింద నల్లగా తడిసిన గుడ్డలు.

"సిస్టరమ్మా, చూడు! తమలపాకు తొడిమె ఆముదంల ముంచి పెట్టిన. బుస్సుమని గాలి, దొడ్డి అంత ఒక్కసారే వచ్చింది. పొట్ట దిగింది. గీ మాత్రందానికి ఫోటోలెందుకు?"

"నీకు దండం పెడతానే తల్లీ, వద్దన్నానా లేదా?" అని అరిచాను. మా ఇళ్లలోనూ పెద్దవాళ్లు చేసే పనే అది. మామూలు పిల్లలకు చెల్లిపోతుంది. ఇక్కడ ఆ బుస్సుమనడమే రోగం గుర్తు అని సారు తర్వాత చెప్పారు.

ఎక్స్‌రే అయితే తీశారు. ఉబ్బిన పేగు ఖాళీ అయిపోవడంతో సన్నం, వెడల్పు తేడా తెలియలేదు. సారు ఫిలిమును వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసి, విసుగ్గా బల్లమీద పడేశారు. "మందు లోపలే ఉండనివ్వండి. రేపు మళ్లీ తీస్తాను" అన్నారు.

అత్త మూట కట్టేసింది. "పోరడు మంచిగున్నడు. ఇగ ఇంటికి పోదాం పావే."

అప్పటిదాకా నోరు విప్పని కోడలు మంచం కోడు గట్టిగా పట్టుకుంది. "నేను రాను అత్తా. పెద్దోనికి గూడ నువ్వు గిట్లనే పెట్టినవు. గిట్లనే దిగింది. నయమైందనుకున్నం. మల్ల ఉబ్బి, నా ఒళ్లెనే పాయె. ఈడు గూడ పోతే నేను బతకను."

పెద్దోడి సంగతి మాకు అప్పటిదాకా తెలియదు. అత్త మూట విప్పలేదు, కానీ కదల్లేదు కూడా.

సాయంత్రానికి పొట్ట మళ్లీ ఉబ్బింది. మర్నాటి ఫిలిములో తెల్లమందు దాదాపు అంతా పేగులోనే ఉంది. మంచి పేగైతే ఈపాటికి చాలావరకు బయటికి నెట్టేసేది. అనుమానం బలపడింది, కానీ సారుకు అది చాలలేదు. ఫోటోను నమ్మి పొట్ట కోయనన్నారు. ఈథర్ ఇచ్చి, మలద్వారానికి కాస్త పైన, వెనకవైపు పేగుగోడనుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కండ పొరల మధ్య ఉండాల్సిన కణాలు ఉన్నాయో లేవో మైక్రోస్కోపులో చూసి చెప్పాలి.

ముక్కను మైనంలో పెట్టి, పలచగా కోసి, రంగు వేయాలి. రిపోర్టు రావడానికి రోజులు పట్టింది. కోత కాస్త మానాక సారే సన్నటి మెత్తని గొట్టం పెట్టి, గోరువెచ్చని ఉప్పునీళ్లు కొద్దికొద్దిగా పోసి కడిగేవారు. తర్వాత ఆ పని నాకు నేర్పారు. కడిగితే దిగేది, మళ్లీ ఉబ్బేది. నాకు విసుగొచ్చింది, ఏడుపొచ్చింది, నడుము పడిపోయింది. ఎదురుమాట అనకుండా గుడ్డలన్నీ ఉతికింది ఆ అత్తే.

చివరికి సారు కాగితంతో వచ్చారు. "ఆ ముక్కను ఎన్నిచోట్ల కోసి చూసినా ఒక్క కణం లేదు. ఇక అనుమానం లేదు. ముందు పొట్టమీద దారి పెడతాం, దొడ్డి అక్కడినుంచి పోతుంది. పెద్దయ్యాక చెడ్డ పేగు తీసేసి కిందికి కలుపుతాం. బతుకుతాడమ్మా."

కోడలు సంతోషపడుతుందనుకున్నాను. ఆమె మాత్రం, "పెద్దోనికి గూడ గిదేనా సారూ?" అంది.

"వాణ్ని నేను చూడలేదు కదమ్మా. అదే అయ్యుండొచ్చు."

"నా పాలు ఇసమన్నరు సారూ. ఊరంత అన్నరు. అందుకే ఈనికి పాలియ్యాలంటే భయపడ్డ."

ఆ మాట మొదట అన్నదెవరో నేను అడగలేదు. అత్త కిందికి జారి, కోడలి కాళ్లదగ్గర కూలబడింది.