ఎక్కువ సరుకు ఏ ధరకు పోయింది

మార్కెట్ యార్డులో ఆమెను అందరూ రేట్లమ్మ అనేవారు. పత్రికలో చేరిన కొత్తలో సినిమా పేజీ అడిగితే పంట ధరలు ఇచ్చారు. ఏడాదిలో మారుస్తామన్నారు. ఆ ఏడాది ఇరవై ఏళ్లు సాగింది. ఈలోగా ఆమెకు ఉల్లిపాయ గలగల విని ఎన్నాళ్లు ఆరిందో చెప్పడం వచ్చింది, వేలంపాటలో ఎవరు నిజంగా కొంటున్నారో, ఎవరు ఊరికే గొంతు కలుపుతున్నారో కనిపెట్టడం వచ్చింది. తాను రాసింది రాసినట్టు పత్రికలో వేయించుకోవడం మాత్రం రాలేదు.

ఆఫీసులో పేజీలు పెట్టే సబ్ ఎడిటర్‌ను అందరూ శీర్షికల సార్ అనేవారు. వయసులో ఆమెకంటే చిన్నవాడు. మాట మెత్తన, పని చురుకు. ఒక్క అంకెల దగ్గరే అతనికి ఓపిక ఉండదు. ఒకసారి ఆమె ఎనిమిది వేల బస్తాలు వచ్చాయని రాస్తే ఎనిమిది వేల క్వింటాళ్లని వేశాడు. బస్తా యాభై కిలోలు, క్వింటా వంద కిలోలు, అంటే వచ్చిన సరుకును కూర్చున్న చోటునుంచే రెట్టింపు చేశాడు. అడిగితే, బస్తాలంటే పాతకాలం మాటలా ఉంది మేడమ్ అన్నాడు. ఉల్లి ధర పెరిగితే కోసేవాళ్లకు కన్నీళ్లు, తగ్గితే పండించేవాళ్లకు కన్నీళ్లు. అతని శీర్షికల్లో ఉల్లి ఉంటే కన్నీరు ఉండాల్సిందే. ఆమె నెత్తీనోరూ కొట్టుకుని, చివరికి కొట్టుకోవడం కూడా మానేసింది.

ఆ సోమవారం యార్డుకు అయిదు వేల క్వింటాళ్ల ఉల్లి వచ్చింది. సీజను మొదలు కనుక అది మంచి రాకే. చిన్న పాయ, దెబ్బతిన్న పాయ క్వింటా అయిదు వందలకు పోయింది. ఎవరో ఒక రైతు తెచ్చిన పది బస్తాల లాటు మాత్రం రెండు వేల వంద పలికింది. పిడికిలంత పాయ, ఎండు గడ్డిలా గలగలలాడే పొర. పెద్ద హోటళ్లకు సరఫరా చేసే వ్యాపారి ఒకడు పట్టుదలగా పాడుకున్నాడు. మిగిలిన సరుకులో ఎక్కువ భాగం పన్నెండు వందలకు అటూ ఇటూగా అమ్ముడైంది. ఆమె మూడు ధరలూ రాసింది. రెండు వేల వంద ఒక్క లాటుకే వచ్చిందని, దాన్ని చూసి ఎవరూ తొందరపడవద్దని విడిగా ఒక వాక్యం కూడా రాసింది.

తెల్లారి పత్రికలో 'ఉల్లి ధగధగ: క్వింటా రూ.2,100' అని మూడు కాలాల శీర్షిక వచ్చింది. కింద ఆమె పేరు ఉంది. ఆ విడి వాక్యం లేదు. ప్రకటన ఒకటి ఆలస్యంగా వచ్చిందట, కింది నుంచి నాలుగు లైన్లు కోశారట.

ఆ పత్రిక ఆమె అక్క ఇంటికీ వెళ్లింది. బావ రెండెకరాల్లో ఉల్లి వేశాడు. పాయ ఊరింది కానీ, ఆకు మొదట్లో మెడలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తవ్వి, పొలంలో ఆరబెట్టి, మెడలు బాగా ఎండాక కోస్తేనే ఉల్లి నిలుస్తుంది, ధరా పలుకుతుంది. అది బావకు తెలియక కాదు. కానీ రెండు వేల వంద అనే అంకె ఇంట్లోకి వచ్చి కూర్చున్నాక ఎవరి బుద్ధి కుదురుగా ఉంటుంది? పక్క పొలాల వాళ్లూ తవ్వడం మొదలుపెట్టారు. వెనకబడితే ధర పోతుందేమోనని బావ కూలీలను పిలిచి సగం పంట తవ్వించి, ముప్పై క్వింటాళ్లు బస్తాలకెత్తి, తరువాతి సంతకు ట్రాక్టరు మీద తీసుకొచ్చాడు.

మరదలికి ఒక్క ఫోన్ కూడా చేయలేదు. చేయడానికేముంది, పేపర్లో తనే రాసింది కదా.

ఆరోజు యార్డు గేటు నుంచి పెద్ద రోడ్డు దాకా బళ్లు బారులు తీరాయి. ఆమె స్కూటరు దిగి నడవాల్సి వచ్చింది. గేటు దగ్గర లెక్క పదకొండు వేల క్వింటాళ్లు దాటింది. కొనేవాళ్లు మాత్రం పెరగలేదు. గోడౌన్లలో పాత సరుకు ఇంకా కదల్లేదు, లారీలు దొరకడం లేదు. ఇంత సరుకు కళ్ల ముందు పోసి ఉన్నప్పుడు ఏ వ్యాపారీ పక్కవాడి పాట మీద పది రూపాయలు ఎక్కించడానికి తొందరపడడు. ఈ లాటు పోతే ఇంకో లాటు. అందులోనూ సగం పచ్చి మెడల సరుకు. వారంలో కుళ్లుతుందని వాళ్లకూ తెలుసు.

బావ లాటు ఎనిమిది వందలకు ఆగింది. అతను చంకలోంచి పత్రిక తీసి కమీషన్ ఏజెంటుకు చూపించాడు. ఏజెంటు దాన్ని చదివి, మడిచి, మర్యాదగా తిరిగి ఇచ్చాడు. "ఇందులో రాసినవాళ్లనే కొనమనండి" అన్నాడు. చుట్టూ ఉన్న హమాలీలు నవ్వు ఆపుకున్నారు. వెనక్కి తీసుకెళ్దామంటే మళ్లీ ట్రాక్టరు కిరాయి. ఇంటికెళ్లాక కుళ్లితే అదీ పోతుంది. బావ అడకత్తెరలో పోకచెక్కలా నలిగి, తలూపాడు.

అప్పుడే ఆమె అక్కడికి వచ్చింది. బావను చూసి, బస్తాలను చూసి, అతని చేతిలోని పత్రికను చూసి అంతా అర్థం చేసుకుంది.

"నన్నొక్క మాట అడగొచ్చుగా బావా" అంది.

"అడిగేదేముందమ్మా, నీ పేరు పెట్టి మరీ వేశారుగా."

"నేను రాసింది అది కాదు."

"మరి ఎవరు రాశారు? అక్కడ నీ పేరే ఉంది."

మీ అక్కకు నువ్వే చెప్పుకో అని బావ కాటా వైపు వెళ్లిపోయాడు. ఆమెకు బావ మీద కోపం వచ్చింది, పత్రిక మీద కోపం వచ్చింది, అన్నిటికంటే ముందు, ఇన్నేళ్లూ సర్దుకుపోయిన తన మీదే వచ్చింది.

ఆఫీసుకు వెళ్లేసరికి శీర్షికల సార్ ఉత్సాహంగా ఉన్నాడు. ధర పడిపోయిందని అతనికి అప్పటికే తెలిసింది. 'ఉల్లి రైతు కంట కన్నీరు' అని శీర్షిక సిద్ధం చేసుకున్నాడు. ఫొటో కావాలన్నాడు. ఎవరైనా రైతు ఉల్లిపాయలు రోడ్డు మీద పారబోస్తే బాగుంటుందని, తెలిసినవాళ్లుంటే అడిగి చూడమని అన్నాడు. మా బావ ఉన్నాడు, పారబోయించమంటారా అని ఆమె అడిగింది. అతను అది వ్యంగ్యమని గ్రహించక, వెలుతురు పోకముందే అయితే మంచిదన్నాడు.

ఆమె నేరుగా ఎడిటర్ గదిలోకి వెళ్లింది. ఆయన పెద్దమనిషి, ఎవరినీ నొప్పించడు, అందువల్ల ఏదీ తేల్చడు. జరిగిందంతా విని, తప్పేనమ్మా అన్నాడు. అయితే పాఠకులకు మూడు ధరలు చెబితే తికమక పడతారని, ఒక్క అంకె అయితేనే గుర్తుంటుందని అన్నాడు.

"ఒక్కటే వేద్దామంటే ఒక్కటే వేయండి సార్. కానీ ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది వేయండి. పది బస్తాలకు వచ్చిన ధర వేసి పదివేల బస్తాలవాళ్లను యార్డుకు తోలకండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పోనీ ఈసారి వివరంగా రాయమన్నాడు. సగం పేజీ ఇస్తానన్నాడు. శీర్షిక కూడా తానే పెడతానంది ఆమె. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి సరేనన్నాడు.

ఆమె రాయడానికి కూర్చుంది. క్వింటా ఎనిమిది వందలు అంటే కిలో ఎనిమిది రూపాయలు. బస్తా, ఎత్తుకూలి, కిరాయి, యార్డు ఖర్చులు కలిపి క్వింటాకు నూట యాభై పోతే రైతు చేతికి ఆరు వందల యాభై. పండించడానికి క్వింటాకు ఎంతయిందో ఏజెంటుకు ఫోన్ చేసి యార్డులో ఉన్న బావను అడిగించింది; ఏడు వందలన్నాడు. అంటే యాభై నష్టం. అంకె ఎందుకో ఆమెకు పలచగా అనిపించింది. అక్కకు ఫోన్ చేసింది.

అక్క ముందు చీవాట్లు పెట్టింది. అవన్నీ విన్నాక ఆమె ఖర్చుల లెక్క చదివింది: విత్తనం, ఎరువు, మందులు, కరెంటు, కూలీలు.

"నా కూలి ఏదే?" అంది అక్క.

"నీకు కూలేంటక్కా?"

"నారు నేను పోశాను. కలుపు నేను తీశాను. నా బదులు ఇంకొకామెను పెడితే ఊరికే వస్తుందా? మీ బావ నీళ్లు కట్టినన్నాళ్లు ఇంకోచోట పనికి పోతే డబ్బులివ్వరా? మీ బావకు ఎప్పుడూ ఇది లెక్కలోకి రాదు. నీకూ రాలేదన్నమాట."

ఇద్దరి పనినీ ఊళ్లో కూలి రేటుకు కడితే క్వింటాకు ఇంకో నూట యాభై తేలింది. ఖర్చు ఎనిమిది వందల యాభై అయింది. అప్పుడు ఆమెకు కథనం దారి కనిపించింది. పన్నెండు వందలు పలికితే ఖర్చులన్నీ పోను క్వింటాకు రెండు వందలు మిగులుతుంది. ఎనిమిది వందలైతే రెండు వందలు చేతినుంచి పోతుంది. చదివేవాళ్లకు ధర మూడో వంతు తగ్గినట్టు కనిపిస్తుంది. రైతుకు మాత్రం లాభం మొత్తం పోయి, అంతే నష్టం వచ్చిపడింది. అదే రాసింది. అయిదు వేల క్వింటాళ్లు పదకొండు వేలు ఎందుకయ్యాయో, గోడౌన్లలో పాత సరుకు ఎలా పేరుకుందో రాసింది. అందులో తమ పత్రిక శీర్షిక పాత్ర ఉందని కూడా దాచకుండా రాసింది. కొట్లో ఉల్లి కిలో ఇంకా పాతిక రూపాయలే ఉందేమని అడిగేవాళ్లకోసం, కొట్టువాడి దగ్గరున్నది పాత ధరకు కొన్న సరుకని, మధ్యలో రవాణా, కుళ్లు, చేతులు మారిన లాభాలు ఉన్నాయని, యార్డులో ధర పడ్డంత వేగంగా కొట్లో పడదని చెప్పింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని అక్క ఫోన్‌లో అన్న మాటతో ఆ భాగం ముగించింది. 'క్వింటా ఎనిమిది వందలు: రైతు చేతికి ఎంత?' అని శీర్షిక పెట్టింది.

పేజీ అయ్యేదాకా శీర్షికల సార్ వెనకే కుర్చీ వేసుకుని కూర్చుంది. పత్రిక పాత్ర గురించిన వాక్యం దగ్గర అతని చేయి రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ ఆమె దగ్గింది. తీసేయలేదు.

మర్నాడు ఫోన్లు వచ్చాయి. ఒక రైతు మందుల ఖర్చు తక్కువ రాశావని తిట్టాడు. ఒక వ్యాపారి, గోడౌన్ల సంగతి రాస్తే మా పరువేం కావాలన్నాడు. ఉల్లి రేటు తగ్గిందని రాశారు, మా వీధిలో ఎందుకు తగ్గలేదో కనుక్కుని చెప్పమని ఒకావిడ అడిగింది. ఆ సంగతే మూడో కాలంలో ఉందని ఆమె ఓపిగ్గా చెప్పింది. ధర మాత్రం ఒక్క కథనంతో లేవలేదు, లేవదని ఆమెకూ తెలుసు. అయితే కొందరు తవ్వకం ఆపారు. బావ మిగిలిన సగం పంటను సరిగ్గా ఆరనిచ్చి, గాలి ఆడే పాకలో పోసి, కొంచెం కొంచెంగా మూడు విడతల్లో అమ్ముకున్నాడు. సగటున వెయ్యి పడింది. క్వింటాకు వెయ్యి అంటే ఖర్చులకు సరిగ్గా సరిపోతుంది. మొదటి ముప్పై క్వింటాళ్ల నష్టం నష్టంగానే మిగిలింది.

ఎడిటర్ గారి ఉత్తర్వుతో రోజువారీ ధరల పట్టికలో నాలుగు గళ్లు వచ్చాయి: వచ్చిన సరుకు, తక్కువ ధర, ఎక్కువ ధర, ఎక్కువ సరుకు పోయిన ధర. మొదటివారంలోనే రెండు గళ్లు తారుమారయ్యాయి. ఆమె వెళ్లి సరిచేయించింది. పై వారం మళ్లీ అయ్యాయి. మళ్లీ వెళ్లింది.

బావ కొన్నాళ్లు ముభావంగానే ఉన్నాడు. తరువాతి పంటకాలంలో ఒక పొద్దున ఆమె యార్డు దగ్గరికి చేరుతుండగా ఫోన్ చేశాడు. ఆమె పలకరించి, నిన్న ఎక్కువ సరుకు పదకొండు వందలకు పోయింది బావా అని మొదలుపెట్టింది.

"రేటు తరవాత చెబుదువుగాని. గేటు దగ్గర బళ్లు ఎన్నున్నాయి?" అన్నాడతను.

ఆమె స్కూటరు పక్కకు ఆపి, చెప్పులు సవరించుకుని, లెక్కపెట్టడానికి గేటు వైపు నడిచింది.