మడ్డి తిన్న కుక్క, తినని పిల్ల

కశింకోట దగ్గర మా బెల్లం బట్టీలో పానకం మరిగేటప్పుడు పైకొచ్చే మడ్డిని తీసి వెనక పారబోస్తాం. మా కుక్క దాన్ని నాకుతుంది, మర్నాడు నీళ్ళలా విరేచనాలు. ఏటా ఇదే భాగోతం. మా అత్త ఒకపూట తిండి మాన్పించి, మంచినీళ్ళు కొంచెం కొంచెంగా పట్టి, తర్వాత పల్చటి గంజి, పెరుగన్నం పెట్టేది. తగ్గిపోయేది.

ఈసారి కుక్కకీ, దాని పిల్లకీ ఒకేసారి మొదలయింది. రెండూ మడ్డి తిన్నాయంది అత్త. నాకేమో ఏదైనా కెలికి చూస్తేగాని నిద్ర పట్టని పాడుబుద్ధి. తల్లి ఒక్కసారి కక్కి, మళ్ళీ గిన్నె కోసం నా కాళ్ళ చుట్టూ తిరుగుతోంది. పిల్ల మూల వదిలి రావడం లేదు. ఒకే రోగమైతే ఇంత తేడా ఏమిటి?

తల్లి పెదవి ఎత్తి చూశాను, చిగుళ్ళు గులాబీ రంగులో తడిగా ఉన్నాయి. మెడ మీద తోలు పట్టి వదిలితే టక్కున సర్దుకుంది. పిల్ల చిగుళ్ళు పాలిపోయి జిగురుగా ఉన్నాయి, తోలు పట్టినచోటే నిలబడిపోయింది, ఒంట్లో నీరు లేనట్టు.

“ఏటమ్మా, కుక్క నోట్లో ఏటి ఎతుకుతన్నావు?” అని అత్త నవ్వుతూ పిల్లకి గంజి తెచ్చింది. వద్దన్నాను. చెంచాడు నీళ్ళు పట్టి చూశాను, అవీ కక్కేసింది. ఇంతలో దాని కింద గోనె తడిసింది. నెత్తురు, ముక్కు బద్దలయ్యే కంపు. నాకు భయమేసింది. ఇక గంజీ లేదు గింజీ లేదని పిల్లని తువ్వాల్లో చుట్టి ఆటో ఎక్కాను. అత్త కూడా గొణుక్కుంటూ ఎక్కింది.

అనకాపల్లి పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి పార్వో అంది. అది వైరసు, టీకా వెయ్యని కుక్కపిల్లల్ని పట్టుకుంటుంది, కక్కుడూ నెత్తురు విరేచనాలూ కలిస్తే ఒంట్లో నీరు గంటల్లో ఇంకిపోతుంది, ఇంట్లో నోటితో పట్టి నిలబెట్టలేమని చెబుతూనే ముంగాలికి సెలైను ఎక్కించింది. తల్లి సంగతి అడిగాను. హుషారుగా ఉండి నీళ్ళు నిలుపుకుంటోంది కాబట్టి ఇంట్లోనే చూసుకోమంది, రేపటికి తగ్గకపోయినా, డీలా పడినా తీసుకురమ్మంది.

ముందే చెప్పేస్తాను, పిల్ల బతికింది. రోజూ ఆటోలో తిప్పి సెలైను ఎక్కించాం.

కానీ ఆ మొదటి రోజు డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది. ఈ వైరసు నేలలో నెలల తరబడి చావదట. మీ బట్టీ దగ్గర ఇదివరకు కుక్కపిల్లలేమైనా పోయాయా అని.

అత్త సెలైను సీసా వైపు చూస్తూ చెప్పింది.

“కిందటేడు మూడు పోయేయమ్మా. మడ్డి తిన్నాయనుకున్నాను. గంజి పోత్తా కూకున్నాను.”