శాంపిల్ సార్ వీడ్కోలుకి ఒక కథ

శాంపిల్ సార్ రిటైర్మెంటుకి ప్రెజెంటేషన్ తయారు చేసే పని నా నెత్తిన పడింది. మా నీటి పరీక్షల ల్యాబులో ఎవరికీ పట్టని పనులన్నీ తిరిగి తిరిగి నా టేబుల్ మీదికే వస్తాయి. "నీకు కంప్యూటర్ బాగా వచ్చు కదా" అంటారు. కోపం కూడా అంతే బాగా వస్తుందని నా వెనకాల అనుకుంటారు.

సార్‌ది నా పక్క టేబులే. ముప్పై మూడేళ్లుగా రోజూ పొద్దున్నే వ్యానెక్కి కుళాయి కుళాయికీ తిరగడం ఆయన ఉద్యోగం. కుళాయి మూతిని మంటతో కాల్చి, కాసేపు నీళ్లు వదిలి, పరీక్షకి శాంపిల్ సీసా నింపి, మంచుపెట్టెలో పెట్టుకుని వస్తారు, అందుకే ల్యాబులో అందరికీ ఆయన శాంపిల్ సార్. ఆ నీళ్లలో క్రిములున్నాయో లేదో తేలడానికి ఒక రోజు పైనే పడుతుంది. మర్నాడు చూసి "బాగున్నాయి" అని రిజిస్టర్లో రాస్తారు. నీళ్లు బాగున్న రోజు ఊళ్లో ఎవరికీ ఏమీ కాదు, ఎవరూ ల్యాబుకి ఫోను చేయరు, సార్ పేరు ఎవరూ ఎత్తరు. మధ్యాహ్నం కిటికీ వైపు తిరిగి టిఫిన్ డబ్బా తెరుస్తారు. నేను ఇటు తిరిగి నాది తెరుస్తాను.

వీడ్కోలుకి పది రోజుల ముందు ఆయన నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు మా అక్కని తీసుకొస్తున్నాను."

"తీసుకురండి సార్, ముందు వరసలో కుర్చీ వేయిస్తా."

"కుర్చీ సంగతి కాదమ్మా. ఆవిడ టీచరుగా రిటైరైన రోజున పిల్లలు మూడు గంటలు మాట్లాడారు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నువ్వు ఉండీ లేనట్టుంటావు, ఆఫీసులోనైనా ఎవరైనా గుర్తుపెట్టుకుంటారా అని ఆవిడకి దిగులు. నా గురించి ఎవరైనా ఒక్క కథ చెబితే బాగుంటుంది. పెద్దదేం అక్కర్లేదు."

ఇంత పొడుగు మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. అలాగే అన్నాను.

మా దగ్గర వీడ్కోలు ప్రెజెంటేషన్ మూడు భాగాలు: ఉద్యోగ జీవితంలో మైలురాళ్లు, తోటివాళ్ల కథలు, ధన్యవాదాలు. మొదటిదానికి ఆఫీసులో అడిగి సర్వీసు రిజిస్టర్ తెప్పించుకున్నాను. చేరిన తేదీ, ప్రొబేషన్ పూర్తయిన తేదీ, రెండు ప్రమోషన్లు, ఒక శిక్షణ, ల్యాబుకి గుర్తింపు వచ్చిన ఏడాది. ఒక్కో స్లైడుకి ఒక్కో తేదీ, ఒక్క వాక్యం, దొరికితే ఒక ఫొటో. అక్షరాలు వెనక వరసకి కూడా కనబడాలి కాబట్టి చదివే సరుకంతా స్లైడు మీద కుక్కకూడదు, చెప్పే మాట చెప్పేవాళ్ల చేతి కాగితంలో ఉండాలి. ఆ భాగం ఒక పూటలో అయిపోయింది. మూడోది ఇంకా తేలిక. ల్యాబు తరఫున ఆయనకి, పొద్దున్నే ఆయన్ని పనికి పంపిన అక్కగారికి, చివర ఆయన మాట్లాడటానికి అయిదు నిమిషాలు.

రెండోదాని దగ్గరే నా ప్రాణం పోయింది. "ఆయనెలాంటి మనిషి" అని అడిగితే పనికిరాదు. "ఒక రోజు ఏం జరిగింది" అని అడగాలి. అలాగే అడిగాను. అయినా అందరూ చెప్పింది ఒకటే, చాలా మంచివారు. ఎవరి జోలికీ పోరు. ఎవరి జోలికీ పోని మనిషిని అందరూ మెచ్చుకుంటారు, గుర్తు మాత్రం పెట్టుకోరు. నాకు ఒళ్లు మండింది. అదే ప్రశ్న నన్ను నేనే వేసుకున్నాను. నాలుగేళ్లు పక్క టేబుల్ దగ్గర కూర్చున్న నా దగ్గరా ఒక్క కథ లేదు.

నాలుగో రోజున దొరికింది. ఇన్‌చార్జి మేడమ్ చెప్పారు. పాతికేళ్ల కిందట తనిఖీకొచ్చిన పెద్ద ఆఫీసరు దాహమేసి మంచినీళ్లడిగాడట. "ఈ పూట నీళ్లకి ఇంకా రిజల్టు రాలేదు సార్, రేపు ఈ వేళకి రండి, ఇస్తాను" అన్నారట శాంపిల్ సార్. స్టోర్స్ ఆయన్ని అడిగితే అదే చెప్పాడు. గుమాస్తా కూడా అదే చెప్పాడు. ముగ్గురు చెప్పాక ఇంకేం కావాలి? కథ జరిగినప్పుడు అక్కడున్నవాళ్లెవరైనా దొరికితే అడిగి నిర్ధారించుకోవాలన్న నియమం నేనే పెట్టాను, నేనే గాలికొదిలేశాను. ఆ ముగ్గురూ పాతికేళ్ల కిందట ఉద్యోగంలోనే లేరు. ఒకే కుళాయి కింద మూడు సీసాలు నింపి, మూడూ ఒకే మాట చెప్పాయని మురిసిపోయాను. వేరేవాళ్లు ఈ పని చేసి ఉంటే నేనే చీల్చి చెండాడేదాన్ని.

వీడ్కోలు రోజు మీటింగు హాల్లో ప్రొజెక్టరు ముందే వేసి చూసుకున్నాను. అక్కగారు ముందు వరసలో, కళ్లద్దాలు తుడుచుకుని సిద్ధంగా కూర్చున్నారు. మైలురాళ్లు సాగినంతసేపూ మర్యాదకి చప్పట్లు పడ్డాయి. తర్వాత మేడమ్ లేచి ఆ కథ చెప్పారు. "రేపు ఈ వేళకి రండి" అనగానే హాలంతా గొల్లుమంది. అక్కగారు నోటికి కొంగడ్డం పెట్టుకుని, తమ్ముడి భుజం మీద ఒకటి వేశారు.

వ్యాను డ్రైవరు నా చెవి దగ్గరికి వంగాడు. అందరికన్నా పాతవాడు అతనే. అతన్ని అడగడం నాకు తట్టనే లేదు.

"అది ఈ సార్‌ది కాదమ్మా. ఈయనకన్నా ముందున్న పెద్ద సార్‌ది. ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది."

సార్ ఎలాగూ ఇప్పుడు లేచి కాదంటారు, అక్కగారి ముందు అంతా నీరుగారిపోతుంది అనుకున్నాను. ఆయన లేచారు. మైకు రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఆ ఆఫీసరుగారు నిజంగానే మర్నాడు వచ్చారండీ" అన్నారు. "గ్లాసు నిండా తాగి, ఇంకో గ్లాసు అడిగారు."

మళ్లీ నవ్వులు. ఆయన అందరికీ ధన్యవాదాలు చెప్పారు, అక్కకి చెప్పారు, అయిదు నిమిషాలిస్తే రెండు నిమిషాల్లో కూర్చున్నారు.

టీ తాగి అందరూ ఎవరి టేబుల్ దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు. అక్కగారు బయట ఆటో కోసం చూస్తున్నారు. సార్ పెన్‌డ్రైవు పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"ఆ ప్రెజెంటేషన్ ఇందులో వేసిస్తావా అమ్మా? అక్క మళ్లీ చూస్తానంటోంది."

"సార్, నాదే తప్పు. కనుక్కోకుండా పెట్టేశాను. అది మీ కథ కాదని డ్రైవరు చెప్పాడు."

"అవునమ్మా, పెద్ద సార్‌ది."

"మరి ఆ రెండో గ్లాసు సంగతి మీకెలా తెలుసు?"

"నేనక్కడే ఉన్నాను కదా. గ్లాసు కడిగి తెచ్చింది నేనే."

అందులో నొప్పేమీ లేనట్టు చెప్పారు.

"ఆ స్లైడు తీసేసి ఇవ్వనా సార్?"

ఆయన తలుపు వైపు చూశారు. అక్కగారు వాకిట్లో మా గేటు మనిషికి ఏదో చెబుతూ చెయ్యెత్తి నవ్వుతున్నారు.

"వద్దమ్మా. అది తీసేస్తే ఇందులో నేనుండను" అన్నారు.

నేను మొత్తం ఫైలు ఎక్కించి ఇచ్చాను. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, జేబు గుండీ పెట్టుకుని, అక్క దగ్గరికి వెళ్లిపోయారు.